100 అడుగుల ప్రహరీ గోడకు ఇటుక, సిమెంట్, ఇసుక ఎంత పడతాయి, మొత్తం ఖర్చెంత: నల్లరేగడి స్థలంలో పూర్తి లెక్క

"ఒరేయ్, వంద అడుగుల గోడకి ఇటుకలు ఎన్ని పడతాయిరా?" అని మా చిన్నాన్న ఫోన్ చేశారు. ప్రహరీ కట్టాలనుకునే ప్రతివాళ్లూ ముందు అడిగేది ఇదే. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఇళ్ల పనులు చూసుకుంటూ ఉంటాను కాబట్టి నెలకి ఒకరైనా అడుగుతారు. రెండు వేల రెండొందలు అని చెబితే ఇటుక ధరతో హెచ్చవేసుకుని, పైన కాస్త సిమెంటు, ఇసుక, కూలీ కలుపుకుని అరవై డెబ్బై వేలలో అయిపోతుందని ధైర్యంగా పని మొదలుపెడతారు, తీరా పునాది పూర్తయ్యేసరికే ఆ డబ్బు సగం పైన అయిపోయి టెన్షన్ మొదలవుతుంది. మొత్తం ప్రహరీ ఖర్చులో ఇటుకల వాటా పదో వంతే. మిగతాది ఎక్కడికి పోతుందో చిన్నాన్న స్థలం లెక్కనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా వేసి చూపిస్తాను, మీ పొడవు, మీ ఎత్తు పెట్టుకుని మీరూ వేసుకోవచ్చు.

స్థలం, గోడ రకం

స్థలం గుంటూరు శివార్లలో, 40×60 అడుగులు, అంటే సుమారు 266 గజాలు. ఒక పక్క పొరుగువాళ్ల గోడ ఇప్పటికే ఉంది. ముందు వైపు గేటుతో కలిపి ఇల్లు కట్టాక చూసుకుంటామన్నారు. కాబట్టి ఇప్పుడు కట్టాల్సింది ఒక పక్క 60, వెనక 40, మొత్తం 100 అడుగులు. ఎత్తు బీమ్ మీద నుంచి 5 అడుగులు.

నేల నల్లరేగడి. లెక్క అంతా ఈ ఒక్క మాట మీదే తిరుగుతుంది. రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. అడుగున్నర కందకం తవ్వి దాని మీద నేరుగా ఇటుక పేర్చుకుంటూ వెళ్తే మొదటి రెండు మూడు వేసవులలోనే గోడకి మెట్లు మెట్లుగా పగులు వస్తుంది, ఆ పగులు ఇటుకల మధ్య అతుకుల వెంట ఏటవాలుగా పోతుంటే కింద నేల కదిలిందని గుర్తు. అందుకే ఇక్కడ గోడ బరువుని నేల మీద పెట్టకుండా 10 అడుగులకు ఒక పిల్లర్, పిల్లర్లను కలుపుతూ నేలమట్టంలో ఒక బీమ్ (ప్లింత్ బీమ్), ఆ బీమ్ మీద నాలుగున్నర అంగుళాల గోడ పెట్టాం. కొండ వాలులోనో గట్టి మెట్ట నేలలోనో అయితే రాతి పునాదితో ఇంతకంటే తక్కువలో అవుతుంది, అది వేరే లెక్క.

గుంత ఎంత లోతు వెళ్లాలో తెలుసుకోవడానికి ఒక చిన్న పని చేయండి. ఏప్రిల్, మే నెలల్లో స్థలంలో పెద్ద నెర్రె చూసి అందులోకి సన్నటి ఇనప ఊచ దించండి. ఎంత దాకా తేలిగ్గా దిగిందో పునాది అంతకంటే కింద కూర్చోవాలి. మా చిన్నాన్న స్థలంలో మూడడుగుల లోపే ఆగింది, గుంతలు 4 అడుగులు తవ్వించాం. మీ దగ్గర ఐదారు అడుగులు దిగితే మాత్రం ఈ లెక్క పక్కన పెట్టి ఇంజినీరుని పిలవండి.

పిల్లర్లు ఎన్ని, ఇటుక గోడ నిజంగా ఎంత

పొడవుని 10తో భాగించి ఒకటి కలిపితే పిల్లర్ల సంఖ్య వస్తుంది. 100 అడుగులకు 11. మూలలో ఉన్న పిల్లర్ రెండు వైపులకీ ఒకటే కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టకండి. పిల్లర్ 9×9 అంగుళాలు, అంటే ఒక్కోటి ముప్పావు అడుగు గోడని తినేస్తుంది. 11×0.75 = 8.25 అడుగులు. 100 లోంచి తీసేస్తే ఇటుకకి మిగిలేది 91.75 అడుగులు. దాన్ని 5 అడుగుల ఎత్తుతో గుణిస్తే 459 చదరపు అడుగులు. ఇటుక లెక్క దీని మీదే వేయాలి, 500 మీద కాదు.

ఇటుకల లెక్క

మా వైపు ఇప్పుడు ఎక్కువగా ఫ్లై యాష్ ఇటుకే వాడుతున్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి చుట్టుపక్కల ఫ్లై యాష్ యూనిట్లు చాలా ఉన్నాయి. దాని కొలత ఇంచుమించు 9×4×3 అంగుళాలు. ఎర్ర ఇటుక బట్టీని బట్టి మారిపోతుంది. అమ్మేవాళ్లు తొమ్మిది అంగుళాలని చెప్పినా ఎనిమిదిన్నర రావడం మామూలే.

అందుకని ఆర్డర్ ఇచ్చే ముందు బట్టీ దగ్గరకి టేపు పట్టుకెళ్లి 20 ఇటుకలు పొడుగ్గా ఒకదానికొకటి ఆనించి వరసగా పెట్టించి కొలవండి. సరిగ్గా 9 అంగుళాలైతే 15 అడుగులు రావాలి. 14 అడుగుల 2 అంగుళాలు వచ్చిందంటే ఇటుక ఎనిమిదిన్నరే. ఇలాగే 20 ఇటుకల మందం కూడా పేర్చి కొలవండి, 5 అడుగులు రావాలి. ఒక్క ఇటుకని కొలిస్తే పావు అంగుళం తేడా కంటికి ఆనదు, ఇరవై కలిపితే దాచుకోలేదు.

ఇప్పుడు లెక్క. గోడ ముఖం మీద ఒక ఇటుక కనిపించేది 9×3 అంగుళాలు. చుట్టూ మాలు అతుకు సుమారు 0.4 అంగుళం కలిపితే 9.4×3.4, దాదాపు 32 చదరపు అంగుళాలు. ఒక చదరపు అడుగులో 144 ఉంటాయి, 144ని 32తో భాగిస్తే 4.5. అంటే చదరపు అడుగుకి నాలుగున్నర ఇటుకలు. 459×4.5 = 2,065. విరిగేవి, పిల్లర్ దగ్గర సగం ముక్కలుగా కొట్టేవి 5 శాతం వేసుకుంటే 2,168. ఆర్డర్ 2,200.

అదే ఇటుక 8.5×2.75 అయితే? అతుకుతో కలిపి 8.9×3.15, అంటే 28 చదరపు అంగుళాలు. చదరపు అడుగుకి 5.14. 459×5.14 = 2,359, ఎర్ర ఇటుక విరుగుడు కాస్త ఎక్కువ కాబట్టి 7 శాతం కలిపితే 2,525. ఫ్లై యాష్ ఇటుక 7 రూపాయలు, ఈ చిన్న ఇటుక ఆరున్నర అనుకోండి. మొదటిది 15,400, రెండోది 16,400 పడింది. ఇటుక మీద అర్ధరూపాయి తగ్గిందని సంతోషపడితే వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టినట్టు, పైగా అతుకులు పెరిగి మాలూ, మేస్త్రీ కూలీ రోజులూ పెరుగుతాయి. ధర అడిగేటప్పుడు ఇటుక ఒక్కింటికి ఎంతని కాకుండా చదరపు అడుగు గోడకి ఎంతని లెక్కేసుకోవాలని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

గోడ కట్టే మాలు

కట్టుబడికి పట్టే సిమెంటు చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. 459 చదరపు అడుగుల గోడ, మందం ఇటుక వెడల్పు 4 అంగుళాలు, మొత్తం ఘనపరిమాణం 153 ఘనపు అడుగులు. అందులో ఇటుకలే 129 ఆక్రమిస్తాయి. మిగిలిన 24 ఘనపు అడుగులే మాలు. కింద పడేది, లోపల నిండేది కలుపుకుంటే 28. ఇది తడి మాలు. పొడి సిమెంటు, ఇసుక కలిపి నీళ్లు పోస్తే ఇసుక రేణువుల మధ్య ఖాళీలు నిండి మొత్తం తగ్గుతుంది, అందుకే పొడి సరుకు కావాలంటే 1.3తో గుణించాలి. 28×1.3 = 36 ఘనపు అడుగులు.

నాలుగున్నర అంగుళాల గోడకి ఒకటికి నాలుగు పాళ్లు వేయించండి. 1:6 వేద్దామని మేస్త్రీలు అంటారు, తొమ్మిది అంగుళాల గోడకి అది నడుస్తుంది, సన్న గోడకి వద్దు. 36ని 5 భాగాలు చేస్తే ఒక భాగం సిమెంటు 7.2 ఘనపు అడుగులు. 50 కిలోల బస్తా 1.22 ఘనపు అడుగులు వస్తుంది, కాబట్టి 6 బస్తాలు. ఇసుక నాలుగు భాగాలు, 29 ఘనపు అడుగులు. వంద అడుగుల గోడ పేర్చడానికి ఆరు బస్తాలు, అంతే.

ఇది సరిగ్గా పడుతోందా లేదా అన్నది మొదటి గడిలోనే తెలిసిపోతుంది. రెండు పిల్లర్ల మధ్య ఒక గడి 9.25 అడుగులు, 5 అడుగుల ఎత్తుకి 46 చదరపు అడుగులు. దానికి సుమారు 208 ఇటుకలు, సగం బస్తా కంటే కొంచెం ఎక్కువ సిమెంటు పట్టాలి. ఒక బస్తా పూర్తిగా అయిపోయిందంటే అతుకులు లావుగా పెడుతున్నారన్నమాట. వరసలు లెక్కపెట్టండి. 5 అడుగులకి, అంటే 60 అంగుళాలకి, పదిహేడు పద్దెనిమిది వరసలు రావాలి. 16 వరసలకే ఎత్తు అందిందంటే అతుకు ముప్పావు అంగుళం ఉన్నట్టు. మాలు ఒకటిన్నర రెట్ల పైనే పడుతుంది, గోడ బలం మాత్రం తగ్గుతుంది. గొడవ పడకుండా మొదటి గడి దగ్గరే మెల్లగా చెబితే మేస్త్రీలు సర్దుకుంటారు, ఐదో గడి దాకా చూసి చెబితే ఎవరికీ బాగోదు.

పాళ్లు తట్టలతో కొలిస్తే ఒక్కో మనిషి ఒక్కోలా నింపుతాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, పద్నాలుగున్నర అంగుళాల లోతు ఉన్న చెక్క పెట్టె ఒకటి చేయించండి, అది సరిగ్గా ఒక బస్తా సిమెంటు కొలత. బస్తాకి నాలుగు పెట్టెల ఇసుక.

ఇంకొకటి, పిల్లర్లు పోసేటప్పుడే ప్రతి రెండడుగులకి 6 ఎంఎం రాడ్ ముక్క ఒకటి గోడ వైపుకి బయటకి వదిలించండి. ఇటుక వరస ఆ రాడ్‌ని పట్టుకుంటుంది. లేకపోతే పిల్లర్ పక్కన నిలువునా సన్న గీతలా పగులు వచ్చి, ప్లాస్టరింగ్ మీద కూడా కనిపిస్తుంది.

పునాది, పిల్లర్లు, బీమ్

అసలు సిమెంటు పోయేది ఇక్కడే.

11 గుంతలు, ఒక్కోటి 3×3 అడుగులు, 4 అడుగుల లోతు. అడుగున 4 అంగుళాల బెడ్ కాంక్రీటు, 1:4:8 పాళ్లు, 40 ఎంఎం కంకర. ఇది మొత్తం 33 ఘనపు అడుగులు. కాంక్రీటుకి పొడి సరుకు 1.54 రెట్లు తీసుకోవాలి. ఆ లెక్కన 3 బస్తాల పైచిలుకు సిమెంటు, 16 ఘనపు అడుగుల ఇసుక, 31 ఘనపు అడుగుల కంకర.

దాని మీద ఎం20 కాంక్రీటు, అంటే 1:1.5:3. ఫుటింగ్ రెండున్నర అడుగుల చదరం, 9 అంగుళాల మందం, పదకొండింటికి 52 ఘనపు అడుగులు. పిల్లర్ ఫుటింగ్ పై నుంచి గోడ తల దాకా 8.2 అడుగులు, మొత్తం 51. బీమ్ 9×9 అంగుళాలు, 52. గోడ తల మీద 6 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందంతో పైపట్టీ, 12.5. కూడితే 167, వృథాతో 170 ఘనపు అడుగులు. పొడి సరుకు 262. దాన్ని ఐదున్నర భాగాలు చేస్తే సిమెంటు 39 బస్తాలు, ఇసుక 71, 20 ఎంఎం కంకర 143 ఘనపు అడుగులు.

ఒకసారి ఆ 39ని, గోడ కట్టుబడికి పట్టిన 6ని పక్కపక్కన పెట్టి చూడండి. పైకి కనిపించే గోడ కంటే, మట్టిలో కలిసిపోయేదే ఎక్కువ తింటోంది.

ఇనుము 400 కిలోలు వచ్చింది. పిల్లర్‌కి 12 ఎంఎం రాడ్లు నాలుగు, బీమ్‌కి 10 ఎంఎం నాలుగు, ఫుటింగ్ జాలీకి 10 ఎంఎం, రింగులు 8 ఎంఎం 6 అంగుళాలకి ఒకటి. "ప్రహరీకి 10 ఎంఎం చాలు సార్" అని పిల్లర్ రాడ్లు తగ్గించాలని చూస్తారు, ఒప్పుకోకండి. ఐఎస్ 456 ప్రకారం పిల్లర్ నిలువు రాడ్ 12 ఎంఎం కంటే తక్కువ ఉండకూడదు. పైగా మనది తుపాన్లు వచ్చే ప్రాంతం, గాలి లెక్కల కోడ్‌లో విజయవాడకి ఇచ్చిన వేగం సెకనుకి 50 మీటర్లు. ఆ గాలి తోపుని తట్టుకునేది సన్నటి ఇటుక గోడ కాదు, ఆ పిల్లరే.

బీమ్ కింద రేగడి మట్టిని ఆనించి వదిలేయకండి. కందకం మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ తవ్వించి, అక్కడ క్రషర్ డస్ట్ వదులుగా పోసి, దాని మీద బీమ్ పోయించండి. దిమ్మిస కొట్టనక్కర్లేదు, అది మెత్తగా ఉండాలనే పోస్తున్నాం. వానాకాలంలో రేగడి ఉబ్బినప్పుడు ఆ వదులు పొర నలిగి ఊరుకుంటుంది. లేదంటే మట్టి నేరుగా బీమ్‌ని పైకి నెడుతుంది.

ఫుటింగ్ విషయంలో పొరుగువాళ్లతో పేచీలు వస్తాయి. గోడ బయటి ముఖం హద్దు మీద ఉంటే, పిల్లర్ మధ్యలో పెట్టిన ఫుటింగ్ దాదాపు అడుగు దాకా పక్కవాళ్ల స్థలంలోకి పోతుంది. పక్క స్థలం ఖాళీగా ఉంది కదా అని ఇవాళ పోసేస్తే, రేపు వాళ్లు పునాది తవ్వినప్పుడు బయటపడుతుంది. ఫుటింగ్‌ని మొత్తం మన వైపుకి జరిపి, పిల్లర్‌ని దాని అంచున పెట్టి డిజైన్ చేయించుకోవాలి. కాంక్రీటు లెక్క పెద్దగా మారదు కానీ రాడ్ల అమరిక మారుతుంది, అందుకని ఇంజినీరుతో ఒక కాగితం మీద గీయించుకోండి.

ప్లాస్టరింగ్

రెండు వైపులా, పిల్లర్లు, తల కలిపి 1,050 చదరపు అడుగులు. ఒకవైపు 12 ఎంఎం, వెనక గరుకు వైపు ఇంకాస్త ఎక్కువ, సగటున 15 ఎంఎం. అతుకుల్లో నిండేది, కింద రాలేది కలిపి తడి మాలు 63 ఘనపు అడుగులు, పొడిది 82. 1:5 పాళ్లకి సిమెంటు 11 బస్తాలు, ఇసుక 68 ఘనపు అడుగులు. గోడ కట్టడానికి 6, పూయడానికి 11. మందం 15 నుంచి 20కి పోతే ఇంకో మూడు నాలుగు బస్తాలు ఎగిరిపోతాయి, అది జరిగేది గోడ నిలువు తప్పినప్పుడే. కట్టుబడిలో తూకపు గుండు వేసి చూసుకోని మేస్త్రీ తప్పు ప్లాస్టరింగ్ సిమెంటులో మనం కడతాం. డబ్బు తగ్గించుకోవాలంటే పొరుగు వైపు ప్లాస్టరింగ్ మానేసి అతుకులు మాత్రం సిమెంటుతో గట్టిగా పూడిపించవచ్చు, ఫ్లై యాష్ ఇటుకకి అది బాగానే ఉంటుంది.

ఇసుక: లెక్క కంటే కొలత ముఖ్యం

మొత్తం కూడితే 29+68+16+71 = 184 ఘనపు అడుగులు. పది శాతం కలిపి 200, అంటే రెండు యూనిట్లు. సుమారు 9 టన్నులు.

కృష్ణ ఇసుక రీచ్ నుంచి తడిగానే వస్తుంది. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది, అదే ఇసుక ఎండితేనో పూర్తిగా నీళ్లలో మునిగితేనో కిందికి దిగిపోతుంది. ఈ తేడా 20, 25 శాతం దాకా ఉండొచ్చు. నా మొదటి పనుల్లో ఒకదానికి రెండు ట్రాక్టర్లు సరిపోతాయని లెక్కేసి తెప్పిస్తే ప్లాస్టరింగ్ సగంలో అయిపోయింది. ఇసుక ఎవరో ఎత్తుకుపోయారనుకుని రెండు రోజులు అనుమానపడ్డాను, తర్వాత తెలిసింది తొట్టి కొలత తక్కువ, పైగా ఇసుక తడి. అప్పటి నుంచి తొట్టి లోపల పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచాకే దించమంటాను. 10 అడుగుల పొడవు, ఐదున్నర వెడల్పు, ముప్పావు తక్కువ రెండడుగుల లోతు, అంటే అడుగుంపావు ఉంటే 69 ఘనపు అడుగులే. లోతు అడుగుముప్పావు ఉంటే 96. చూడటానికి రెండూ "ఒక ట్రాక్టరే". ఉబ్బు ఎంతో చూడాలంటే గాజు గ్లాసులో తడి ఇసుక నొక్కకుండా అంచు దాకా నింపండి. దాన్ని తీసి, అదే గ్లాసులో సగం నీళ్లు పోసి ఇసుక మళ్లీ వేసి కలపండి. నాలుగో వంతు దాకా కిందికి దిగిందంటే ఆ ట్రాక్టర్‌లో మీకు వచ్చింది ముప్పాతికే.

అదే గ్లాసులో కాస్త ఉప్పు వేసి బాగా కలిపి మూడు గంటలు కదపకుండా ఉంచితే పైన మెత్తటి ఒండ్రు పొర తేలుతుంది. ఇసుక ఎత్తులో అది వందకి 8 భాగాలు దాటితే ప్లాస్టరింగ్‌కి వద్దు, ఎండాక సాలెగూడులా సన్న పగుళ్లు వస్తాయి.

మొత్తం ఖర్చు

కింద పెట్టిన ధరలు లెక్క నడవడానికి నేను వేసుకున్నవి. సిమెంటు, ఇనుము ధరలు నెలనెలా మారతాయి, ఇసుక అయితే దూరాన్ని బట్టి రవాణాయే ఎక్కువ. మీ ఊరి ధర పెట్టుకుని మళ్లీ గుణించండి, పరిమాణాలు మాత్రం మారవు.

| సరుకు | పరిమాణం | ధర | మొత్తం (రూ.) |
|---|---|---|---|
| సిమెంటు | 60 బస్తాలు | 340 | 20,400 |
| ఫ్లై యాష్ ఇటుక | 2,200 | 7 | 15,400 |
| ఇసుక | 2 యూనిట్లు | 3,500 | 7,000 |
| కంకర, రెండు రకాలూ | సుమారు 180 ఘ.అ. | | 8,000 |
| ఇనుము, కట్టు తీగ | 400 కిలోలు | 62 | 25,100 |
| కూలీ | | | 69,000 |
| దించుడు, నీళ్లు, డస్ట్, గోనె పట్టాలు | | | 10,000 |
| మొత్తం | | | 1,54,900 |

అడుగుకి సుమారు 1,550. కూలీలో ప్లాస్టరింగ్ 23,000, సెంట్రింగ్‌తో కాంక్రీటు పని 20,400, కట్టుబడి 13,800, తవ్వకం 7,500, రాడ్ బెండింగ్ 4,000, కూడితే 69,000 దగ్గరకి వస్తుంది. కాంట్రాక్టర్ "అడుగుకి ఇంత" అని గంపగుత్తగా చెబితే ఈ ఐదూ అందులో ఉన్నాయా అని విడివిడిగా అడగండి. గుంతల తవ్వకం, నీళ్లు పెట్టడం మా పని కాదని మధ్యలో అనేవాళ్లని చూశాను. రంగు, గేటు ఈ లెక్కలో లేవు.

మీ పొడవు, మీ ఎత్తుకి

ఇదే రకం గోడ, 5 అడుగుల ఎత్తు అయితే ఇలా వేసుకోండి:

```
పిల్లర్లు = పొడవు ÷ 10 + 1
ఇటుక గోడ (చ.అ.) = (పొడవు − పిల్లర్లు × 0.75) × ఎత్తు
ఇటుకలు = గోడ × 4.5 × 1.05
సిమెంటు బస్తాలు = గోడ × 0.013 + ప్లాస్టరింగ్ చ.అ. × 0.0105 + పొడవు × 0.42
ఇసుక ఘ.అ. = (గోడ × 0.063 + ప్లాస్టరింగ్ చ.అ. × 0.065 + పొడవు × 0.87) × 1.1
```

ప్లాస్టరింగ్ విస్తీర్ణం అంటే రెండు ముఖాలు, తల కలిపి, అడుగు పొడవుకి పదిన్నర చదరపు అడుగులు. 60 అడుగుల గోడకి వేస్తే పిల్లర్లు 7, గోడ 274 చదరపు అడుగులు, ఇటుకలు 1,300, సిమెంటు 36 బస్తాలు, ఇసుక 120 ఘనపు అడుగుల చిల్లర.

ఎత్తు పెంచితే ఖర్చు అదే నిష్పత్తిలో పెరుగుతుందని భయపడక్కర్లేదు. 100 అడుగుల గోడని 5 నుంచి 6 అడుగులు చేస్తే ఇటుకలు 434, సిమెంటు 5 బస్తాలు, ఇసుక 22 ఘనపు అడుగులు, ఇనుము 19 కిలోలు, కూలీ 8,000, అన్నీ కలిపి 15,000 దాకా అదనం. ఎత్తు ఇరవై శాతం పెరిగితే ఖర్చు పది శాతమే పెరిగింది, ఎందుకంటే పునాది, బీమ్ అవే. భద్రత కోసం ఆరడుగులు కావాలనుకుంటే ఇప్పుడే కట్టేయండి, తర్వాత మళ్లీ పిల్లర్లు లేపడం చాలా కష్టం. ఆరు దాటితే మాత్రం పిల్లర్ల దూరం 8 అడుగులకి తగ్గించి ఫుటింగ్ మళ్లీ లెక్క వేయించాలి.

సిమెంటు 60 బస్తాలూ ఒకేసారి దించవద్దు. ముందు 43 తెప్పించుకోండి, అవి కాంక్రీటుకి. పిల్లర్లకి, బీమ్‌కి పది రోజులు నీళ్లు పెట్టాక ఇటుకతో పాటు మిగతా 17 తెప్పించుకోండి. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటుంది, మూడు నెలలు దాటినది తీసుకోవద్దు. దించాక నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకి ఆనకుండా పెట్టించి పైన పట్టా కప్పండి. బస్తాలో చెయ్యి పెడితే చల్లగా, పొడిగా తగలాలి, వేళ్లతో నలిపినా చితకని గడ్డలు కనిపిస్తే ఆ బస్తా వెనక్కి పంపేయండి.